రెండు సూదులు కావాలన్నాను

మా ఊరు చీమకుర్తి. గ్రానైటు లారీలు తిరిగే రోడ్డు. పొద్దున ఇల్లు తుడిస్తే మధ్యాహ్నానికి మళ్ళీ తెల్లటి దుమ్ము. ఇలాంటి ఊళ్ళో, ఇలాంటి ఎండల్లో, నేను మేజోళ్ళు అల్లుతానంటే నవ్వనివాళ్ళు లేరు. "రోహిణి కార్తెలో సాక్సులేందే తల్లీ!" అని మా వదిన ఇప్పటికీ అంటుంది. నవ్వితే నవ్వనీ. నేను ఇరవై రెండేళ్ళు కాన్పుల వార్డులో ఆయాగా పనిచేశాను. నెలలు నిండకుండా పుట్టిన పిల్లకి బయట ఎంత ఎండ ఉన్నా కాళ్ళు చల్లబడతాయి. అరచేయంత కూడా లేని పాదాన్ని గుప్పిట్లో పట్టుకుని వెచ్చబెట్టినదాన్ని. నాకు చెప్పొద్దు సాక్సులెందుకని.

నా ఎడమచేతికి చూపుడువేలు, మధ్యవేలు లేవు. పందొమ్మిదేళ్ళప్పుడు గుంటూరు వైపు ఒక జిన్నింగు మిల్లులో పత్తి అందిస్తుంటే మిషను లాక్కుంది. రెండు వేళ్ళూ రెండో కణుపు దాకా పోయాయి. ఆసుపత్రిలో ఉన్న నెలన్నరలో ఒక ముసలి నర్సమ్మ నా మంచం పక్కన కూర్చుని అల్లిక నేర్పింది. "చెయ్యి ఊరికే పడుకోబెడితే కొయ్యబారిపోద్ది. కదిలించు" అని గద్దించేది. ఎడమ సూదిని బొటనవేలికీ ఉంగరపు వేలికీ మధ్య ఇరికించి, చిటికెన వేలితో కింద ఆనించి పట్టుకోవడం, నూలు మొత్తం కుడిచేత్తోనే తిప్పుకోవడం నాకు అప్పుడే అలవాటయింది. ఆ ఆసుపత్రిలోనే తర్వాత నాకు ఆయా పని ఇప్పించారు. మా ఊరికి దగ్గర ఆసుపత్రికి మారాక కూడా అల్లడం మానలేదు.

మేజోడు అల్లడమంటే సన్నటి గొట్టం అల్లడమే. స్వెట్టరు చెయ్యీ అంతే. అడ్డంగా అల్లి పక్కన కుట్టేస్తే కుట్టు గీత పిల్లల చర్మానికి గుచ్చుకుంటుంది. అందుకని గుండ్రంగా, చుట్టూ చుట్టూ తిరుగుతూ అల్లాలి. మొదట్లో రెండు వైపులా మొనలున్న పొట్టి సూదులు ఐదింటితో అల్లేదాన్ని. నా చేతికి అవి తేళ్ళను పట్టుకున్నట్టుండేది. ఒకటి పట్టుకుంటే ఇంకొకటి జారేది. కొన్నేళ్ళ కింద మా చెల్లెలి కూతురు ఆన్‌లైన్లో వైరు సూదులు తెప్పించి ఇచ్చింది. రెండు మొనలు, వాటి మధ్య సన్నటి ప్లాస్టిక్ వైరు. అలాంటివి రెండు.

పద్ధతి తేలికే. గొట్టం చుట్టూ ముప్పై రెండు కుట్లు, అంటే నూలు ఉంగరాలు, ఉంటే పదహారు ఒక సూది మీద, పదహారు ఇంకో సూది మీద. మొదటి సూది మీదున్న పదహారూ ఆ సూది రెండో మొనతోనే అల్లాలి. అయ్యాక వాటిని వైరు మధ్యలోకి నెట్టి వదిలేసి, అల్లిక తిప్పి, రెండో సూది పట్టుకోవాలి. దాని కుట్లు దాని మొనతోనే. ఏ కుండకి ఆ గరిటే. మరచిపోయి ఈ సూది కుట్లను ఆ సూది మొనతో అల్లితే మాత్రం అన్నీ ఒక్క సూది మీదకే చేరతాయి, ఇంకోటి ఖాళీగా ఊడి కింద పడుతుంది. నాకు మొదటివారంలోనే రెండుసార్లు పడింది. తర్వాత ఎప్పుడూ పడలేదు. వాడుకలో లేని సూది మొనలు రెండూ కిందకి వేలాడి అప్పుడప్పుడూ చీరకుచ్చెళ్ళలో చిక్కుకుంటాయి. అదొక్కటే చిరాకు.

మూడేళ్ళ క్రితం మా చర్చికి కొత్త పాస్టరుగారు వచ్చారు. ఆయన భార్య ముప్పై ఐదేళ్ళ పిల్ల, బి.ఇడి. చదివింది, చురుకైనది. పాస్టరమ్మగారు వచ్చిన రెండో నెలలోనే స్త్రీల సమాజంలో ఒక పని పెట్టింది. ప్రతి శుక్రవారం ప్రార్థన అయ్యాక గంటన్నర కూర్చుని, కాన్పుల వార్డులో పుట్టే పిల్లలకి టోపీలు, మేజోళ్ళు అల్లడం. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్ళు నేనొక్కదాన్నే అల్లి వార్డులో ఇచ్చాను, ఇక ఇరవై మంది అల్లుతారు.

మొదటి శుక్రవారం చర్చి పక్క హాల్లో చాపల మీద కూర్చున్నాం. పాస్టరమ్మగారు ఒక్కొక్కరికీ ఒక సంచీ ఇచ్చింది. అందులో రెండు ఉండల మెత్తటి నూలు, ఒక పొడుగాటి వైరు సూది. మూడు మిల్లీమీటర్ల లావు, వైరు దాదాపు గజం.

"దీన్ని మ్యాజిక్ లూప్ అంటారు. ఒక్క సూదితో ఎంత సన్న గొట్టమైనా అల్లేయొచ్చు. చూడండి" అని ఆమె చేసి చూపించింది.

నిజంగానే అందంగా ఉంది చూడడానికి. కుట్లన్నీ ఒకే సూది మీద. సగానికి పంచి, ఆ రెండు సగాల మధ్య నుంచి వైరును ఉచ్చులా బయటికి లాగింది. ముందు సగం ఎడమ మొన మీద ఉంది. వెనక సగం వైరు మీదకి జరిపి కుడి మొనను బయటికి లాక్కుంది. దాంతో ముందు సగాన్ని అల్లేసింది. అల్లిక తిప్పింది. మళ్ళీ వైరు లాగి, రెండో సగాన్ని మొన మీదకి తెచ్చి, అల్లిన సగాన్ని వైరు మీద వదిలింది. అల్లింది. రెండు పక్కలా వైరు ఉచ్చులు చెవుల్లాగా పొడుచుకొచ్చి ఉన్నాయి. నిమిషంలో ఒక చుట్టు.

నేను నా చేతిసంచీలోంచి నా రెండు సూదులూ తీశాను.

"ఆంటీ, అవెందుకు?" అంది పాస్టరమ్మగారు.

"నేను రెండింటితో అల్లుతానమ్మా. అలవాటు."

"అందరం ఒకే పద్ధతిలో చేద్దాం ఆంటీ. ఒకరు రాకపోయినా వాళ్ళ సాక్సు ఇంకొకరు అందుకుని పూర్తి చేసేట్టు. పైగా తలా ఒక సూదే తెప్పించాం. మీరు కూడా దీనికి రండి."

ఆమె చెప్పిన కారణంలో తప్పు లేదు. నేను ఆ పొడుగు సూది తీసుకుని ప్రయత్నించాను. ముందు సగం కుట్లను ఎడమచేత్తో నొక్కి పట్టుకుంటేనే కదా కుడి మొనను లాగగలిగేది. ఆ నొక్కి పట్టాల్సిన చోట నాకు వేళ్ళు లేవు. లాగినప్పుడల్లా కుట్లు మొన మీంచి జారిపోయాయి. జారకుండా గట్టిగా పట్టుకుంటే వైరు ఎక్కువ వచ్చేసి, ఎడమ పక్క ఉచ్చు లోపలికి దూరి మాయమైంది. ఉచ్చు పోతే కుట్లన్నీ ఒకే వరసలో కలిసిపోతాయి. సగం ఎక్కడో లెక్కపెట్టి, అక్కడ కుట్లను విడదీసి, మళ్ళీ వైరు పైకి లాగాలి. ఇరవై మంది చూస్తుండగా నాలుగుసార్లు అలా అయింది.

పాస్టరమ్మగారు నా పక్కన కూర్చుంది. గొంతు తగ్గించి, చాలా మెల్లగా అంది. "ఆంటీ, మీరు అల్లొద్దులెండి. మీరు నూలు ఉండలు చుట్టి పెట్టండి. అది కూడా సేవే."

తిట్టినా బాగుండేది. ముప్పై ఏళ్ళుగా అల్లుతున్న చెయ్యి అది. ఆ చేతిని చూసి జాలిపడింది.

"ఉండలు చుట్టేదానికి నేను రాలేదమ్మా" అన్నాను. నా గొంతు నేననుకున్న దానికంటే పెద్దగానే వచ్చింది. "నా చేతికి ఏది కుదురుతుందో నాకు తెలుసు. ఎట్టా అల్లాలో మీరు చెప్పబాకండి. ఎట్టా ఉండాలో చెప్పండి. అట్టా చేసి తెస్తా."

ఆమె ముఖం ఎర్రబడింది. "ఇది నా కోసం చెయ్యడం లేదు ఆంటీ" అంది.

"నేనూ మీ కోసం చెయ్యడం లేదు."

సంచీ చాప మీద పెట్టేసి లేచొచ్చేశాను.

వచ్చేశానే గానీ మనసు ఒప్పలేదు. చేతకాక తప్పుకుంది అనుకుంటారు. ఆ మాట నేను పడను. మర్నాడు చర్చి వాచ్‌మెన్ భార్యను పంపి ఆ సంచీ తెప్పించుకున్నాను. మూడురోజులు ఇంట్లో కూర్చుని మ్యాజిక్ లూపే సాధన చేశాను. వైరు చుట్టలు చుట్టుకుపోయి మొండిగా ఉంటే వేడినీళ్ళలో కాసేపు ముంచి, లాగిపెట్టి తిన్నగా చేశాను. మొనను చేత్తో లాగడం మానేసి, అల్లిక అంచును మోకాలి కింద నొక్కిపెట్టి లాగాను. జానెడు మేజోడు ఒకటి తయారైంది. సగాలు కలిసేచోట రెండు పక్కలా కుట్లు సాగి నిచ్చెన మెట్లలా గీతలు పడ్డాయి, ప్రతి సగంలోనూ మొదటి రెండు కుట్లూ బిగించి లాగితే అవీ తగ్గాయి. మూడోరోజు సాయంత్రానికి నాకు మ్యాజిక్ లూప్ వచ్చింది. బొటనవేలి మొదలు వాచింది. ఒక్క మేజోడుకి నా రెండు సూదులతో పట్టే కాలానికి మూడింతలు పట్టింది.

అప్పుడు నిశ్చింతగా ఉంది. ఇప్పుడు నేను వద్దంటే రాక కాదు, వద్దనుకుని వద్దంటున్నట్టు.

పై శుక్రవారం పోయి హాలు బయట వరండా మెట్ల మీద కూర్చున్నాను. లోపల వాళ్ళు మ్యాజిక్ లూప్, బయట నేను రెండు సూదులు. ఎవరూ పిలవలేదు, నేనూ లోపలికి పోలేదు. గంటన్నరలో ఒక చిన్న మేజోడు మడమ దాకా తెచ్చాను. అలా ఎన్నో శుక్రవారాలు. నెల చివర అల్లినవన్నీ బుట్టలో వేసేటప్పుడు మాత్రం నేనూ వేసేదాన్ని. బుట్టలో పడ్డాక ఏది ఒక సూదిదో, ఏది రెండు సూదులదో పాస్టరమ్మగారు కూడా చెప్పలేకపోయింది. వేరుగా పేర్చడానికి ప్రయత్నించడం నేను చూశాను. చేతకాక వదిలేసింది.

ఆ వరండాలోనే ఒకరోజు గ్రానైటు పాలిషింగు యూనిట్లో పనిచేసే ఒకమ్మాయి వచ్చి నా పక్కన నిలబడింది. మా చర్చికి వచ్చే మనిషే గానీ పెద్దగా మాట్లాడింది లేదు. జుట్టులో రాతిపొడి ఇంకా ఉంది. నా చేతిలోని గొట్టాన్నే చూస్తోంది.

"అక్కా, ఇది పెద్దదిగా కూడా అల్లొచ్చా?"

"ఎంత పెద్దది?"

"మా ఆయన కాలికి."

ఆమె భర్త సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. క్వారీలో రాయి పొర్లి ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. ఒంగోలులో కట్టుడు కాలు పెట్టించారు. అది వేసుకునే ముందు మిగిలిన కాలికి సాక్సులాంటి తొడుగు వేసుకోవాలి. కొన్న తొడుగుకి చివర కుట్టు ఉంది. అది ఎముక దగ్గర ఒరుసుకుని పుండు పడుతోంది. పైగా వాపు తీసి కాలు సన్నబడ్డాక తొడుగు ముడతలు పడుతోంది. ముడత ఉన్నచోటల్లా ఇంకో పుండు. ఆ మనిషి కట్టుడు కాలు మూలన పడేసి కర్రలు పట్టుకున్నాడు.

"ఆ కాళ్ళు చేసే ఆయన్ని అడిగాను అక్కా. కుట్టు లేకుండా, మెత్తటి నూలుతో, ముడత పడకుండా ఎవరైనా అల్లితే వేసుకోవచ్చన్నాడు. కొలత రాసిచ్చాడు."

కాగితం తీసి ఇచ్చింది. చివర ఎంత, మధ్యలో ఎంత, మోకాలి కింద ఎంత, పొడవు ఎంత.

అంతవరకు నేను అల్లినవి నెలరోజుల్లో పొట్టివైపోయేవి. ఇది ఒక మనిషి నిలబడడానికి.

గుంటూరు నుంచి మెత్తటి పత్తి నూలు తెప్పించుకున్నాను. చిన్న ముక్క అల్లి, అంగుళానికి ఎన్ని కుట్లు వస్తున్నాయో లెక్కపెట్టాను. మూసిన చివర నుంచి పైకి అల్లాలని నిర్ణయించుకున్నాను. అలాగైతే కుట్టు ఉండదు, మధ్యలో కాలికి తొడిగి చూసుకోవచ్చు. రెండు సూదులనూ పక్కపక్కన పెట్టి, రెండింటి చుట్టూ కలిపి నూలును పన్నెండు చుట్లు చుట్టాను. పై సూది మీద పన్నెండు కుట్లు, కింద సూది మీద పన్నెండు. అక్కడి నుంచి చుట్టు విడిచి చుట్టు, రెండు అంచుల్లోనూ కుట్లు పెంచుకుంటూ అరవై నాలుగు దాకా వెళ్ళాను.

అయితే ఆ పని మొదలుపెట్టే ముందే నా పాత సూదుల్లో ఒకటి విరిగింది. మొన దగ్గర వైరు ఊడొచ్చింది. ఒంగోలు బజారులో ఒక ఫ్యాన్సీ షాపులో అదే లావుదని ఇంకోటి కొన్నాను. దాని మీద అంకె లేదు. వేళ్ళతో తడిమి చూశాను, ఒకేలా ఉన్నట్టు అనిపించింది. వేళ్ళు తక్కువున్నదాన్ని, ఆ తడమడం నమ్మాను.

వారానికి తొడుగు మోకాలి కింద దాకా వచ్చింది. శుక్రవారం వరండాలో అల్లుతుంటే పాస్టరమ్మగారు బయటికి వచ్చింది. ఎనిమిది వారాల్లో మొదటిసారి. తొడుగు పట్టుకుని చూసి, మోకాళ్ళ మీద పరిచింది.

"ఆంటీ, ఒక పక్క వెడల్పుగా ఉంది."

"ఎక్కడమ్మా?"

"ఈ సగం చూడండి. కుట్లు వదులుగా ఉన్నాయి. ఈ సగం బిగుతు. పైనుంచి కింద దాకా అంతే."

ఎండలోకి పట్టుకుని చూశాను. నిజం. బల్లపరుపుగా పరిస్తే ఒక అంచు అటు జరిగి వంకరగా ఉంది. ఆమె లోపలికి వెళ్ళి చిల్లులున్న చిన్న ప్లాస్టిక్ పలక తెచ్చింది. ఏ లావు సూది ఏ చిల్లులో పడుతుందో చూసే పలక. నా పాత సూది మూడు మిల్లీమీటర్ల చిల్లులో సరిగ్గా దిగింది. కొత్తది దిగలేదు. మూడున్నర చిల్లులో దిగింది.

"ఇందుకే చెప్పాను ఆంటీ" అంది. నెమ్మదిగానే. "ఒక్క సూది అయితే ఈ గొడవే రాదు. రెండు సగాలూ ఒకే మొనలతో అల్లుతాం కదా."

అది కూడా నిజం. తొడుగు వదులుగా ఉన్న సగం ముడత పడుతుంది, ముడత పడితే పుండు పడుతుంది. అది ఆ మనిషి కాలికి తొడిగి ఉంటే? సూది లాగేసి, ఆమె ముందే కొస పట్టుకుని లాగడం మొదలుపెట్టాను. వారం రోజుల పని పది నిమిషాల్లో గజిబిజి నూలైపోయింది. లోపల చాపల మీదున్నవాళ్ళు ఒక్కొక్కరే గుమ్మంలోకి వచ్చి చూశారు.

"పోనీలెండి ఆంటీ. ఇప్పుడు మ్యాజిక్ లూప్‌తో మొదలుపెట్టండి. నేను పక్కన కూర్చుంటాను" అంది పాస్టరమ్మగారు.

"నాకు మ్యాజిక్ లూప్ వచ్చమ్మా."

ఆమె నమ్మలేదు. సంచీలోంచి ఆ మూడురోజుల మేజోడు తీసి చూపించాను. తిప్పి తిప్పి చూసింది.

"మరి ఎందుకు?"

చెయ్యి చాపాను. "ఇది మూడురోజులకే వాచింది. అరవై నాలుగు కుట్లు, ఇంత పొడవు తొడుగు, మార్చుకోవడానికి ఇంకో రెండు. చెయ్యి పడిపోద్ది. తప్పు సూదిదమ్మా, పద్ధతిది కాదు. రెండూ ఒకే లావువి ఉంటే ఈ వంకర రాదు. మీ సూదులన్నీ మూడే కదా? నాకు రెండు ఇవ్వండి."

"తలా ఒకటే ఉన్నాయి ఆంటీ. ఇరవై మందికి ఇరవై."

"నాకు తెలుసు. నాకొచ్చింది ఒకటుంది. ఇంకొకటి కావాలి."

"మీకు రెండిస్తే ఇంకొకరు ఊరికే కూర్చోవాలి. అది న్యాయమా?"

"మిగిలిన వాళ్ళకి పది వేళ్ళున్నాయి. అదేమన్నా న్యాయమా?" అన్నాను.

అనేశాక నాకే ఒక్క క్షణం భయమేసింది. నా చేతి గురించి నేను ఎవరి ముందూ ఎప్పుడూ అలా మాట్లాడలేదు. దాన్ని చూపించి ఎవరినీ ఏమీ అడగలేదు. అయినా వెనక్కి తీసుకోలేదు. అడుక్కోవడం కాదది. నాకు రావలసిన సూది అడిగాను.

పాస్టరమ్మగారు లోపలికి వెళ్ళి తన సంచీ తెచ్చుకుని, నా పక్కన మెట్టు మీద కూర్చుంది. అందులో తను సగం అల్లిన పసిపిల్ల టోపీ ఉంది. లావు కుట్టుసూదిలో రంగు దారం ఎక్కించి, టోపీ కుట్లన్నింటినీ ఒక్కొక్కటే ఆ దారం మీదకి ఎత్తింది. దారం కొసలు ముడేసింది. ఖాళీ అయిన సూదిని నా ఒళ్ళో పెట్టింది.

"నేను ఒప్పుకున్నానని కాదు" అంది.

"మిమ్మల్ని ఒప్పుకోమనలేదు" అన్నాను.

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుకోలేదు.

ఆ పొడుగు సూదులు రెండూ ఒకేసారి పట్టుకుంటే నాలుగు మొనలు, రెండు గజాల వైరు. ఒళ్ళంతా పాములే. అయినా పని నడిచింది. కలవకుండా ఉండాలని ఒక సూది రెండు మొనల దగ్గరా ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టుకున్నాను. ఎరుపు కుట్లు ఎరుపుతో, మిగతావి మిగతాదాంతో. నాలుగంగుళాలు అయ్యాక ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళాను.

ఆమె భర్త గుమ్మంలో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లుంగీ కిందకి లాక్కున్నాడు. నేను నా ఎడమచెయ్యి అతని ముందు పెట్టాను.

"నాదీ ఇంతేలే. సిగ్గుపడబాకు. కాలు ఇటివ్వు."

చెయ్యి కాసేపు చూశాడు. తర్వాత లుంగీ పైకి తీశాడు. కుట్లన్నీ వైరుల మీదకి జరిపాను. రెండు వైరులూ చెరొకవైపు వంగి గొట్టం తెరుచుకుంది. మెల్లగా తొడిగాను. ఎక్కడా ముడత లేదు. పైన మాత్రం కొంచెం బిగుతు. అంచు కింద వేలు దూర్చి చూసి, నాలుగు కుట్లు పెంచాలని అనుకున్నాను.

"గుచ్చుకుంటందా?"

"లేదు. అసలేం లేనట్టుంది" అన్నాడు.

మొదటి తొడుగు పూర్తవడానికి పన్నెండు రోజులు పట్టింది. ఒంగోలులో కాళ్ళు చేసే ఆయన దాన్ని లోపలా బయటా తిప్పి చూసి సరే అన్నాడట. అయినా వెంటనే నడవనివ్వలేదు. పాత పుండ్లు మానేదాకా ఆగమన్నాడు. రోజుకి గంట, తర్వాత రెండు గంటలు. మొదటి ఉతుకుకి తొడుగు కాస్త కుంచించుకుపోయింది. అందుకని రెండోదానికి నూలును ముందే నానబెట్టి ఆరబెట్టి అల్లాను. అది బాగా కుదిరింది. ఆ ఏడు ఈస్టరు ఆరాధనకి ఆయన కర్రలు లేకుండా వచ్చాడు. వచ్చి ఎప్పుడూ కూర్చునే చివరి వరసలో కాకుండా ముందుకు నడిచి కూర్చున్నాడు. నడక కొంచెం ఎగుడుదిగుడుగానే ఉంది. పాస్టరమ్మగారు పాటల పుస్తకంలోంచి తలెత్తి ఆ నడకనూ, తర్వాత నన్నూ చూసింది. నేను తల దించలేదు.

ఆ తర్వాతి శుక్రవారం నేను వరండాలో కాదు, లోపలే కూర్చున్నాను. ఎవరూ పిలవలేదు, నేనే పోయి కూర్చున్నాను. నా ఒళ్ళో అవే రెండు సూదులు. మిరపకోతకి పోయే ఒకావిడ తన చాప నా పక్కకి లాక్కుంది. వేళ్ళ కీళ్ళు పట్టేసి ఆమెకి కూడా వైరు లాగడం కష్టంగా ఉంది, ఇన్నాళ్ళూ నోరు మూసుకుని లాగుతోంది. "నాకూ ఆ రెండు సూదుల పని చూపించు" అంది. ఆ నెల పాస్టరమ్మగారు సూదులు తెప్పించినప్పుడు పొట్టి వైరువి నాలుగు కూడా వచ్చాయి, అన్నీ మూడు మిల్లీమీటర్లవే. వచ్చినవాటిని ఒక్కొక్కటే ఆ చిల్లుల పలకలో దింపి చూశాకే పంచింది. ఎందుకో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. తన పొడుగు సూదిని మాత్రం వెనక్కి అడిగి తీసుకుంది. మ్యాజిక్ లూపే మంచిదని ఇప్పటికీ కొత్తగా వచ్చినవాళ్ళకి చెబుతుంది. నేను పక్కనుంచి కాదని చెబుతాను. ఇద్దరం గట్టిగానే మాట్లాడుకుంటాం.

కట్టుడు కాలాయన భార్య కూడా అల్లిక నేర్చుకుంటానని నా దగ్గరికే వచ్చింది. ప్రతిసారీ నన్ను అడగాల్సిన పని ఉండకూడదంది. ఆ మాట నాకు నచ్చింది. రెండు సూదులు చేతికిచ్చాను. రెండు వారాలు అల్లింది. మూడో వారం మొహమాటపడుతూ వచ్చి నిలబడింది.

"అక్కా, ఏమనుకోబాకు. నాకు ఆ ఒక్క సూదిది నేర్పించవా? యూనిట్లో అన్నం టైములో అల్లుకుంటా. రెండైతే ఒకటి జారి రాతిబురదలో పడుతోంది. టిఫిన్ సంచీలో చిక్కులు పడతన్నాయి. ఒక్కటైతే వైరు లాగి చుట్టచుట్టి పడేయొచ్చు. కుట్లూ జారవు."

నేను ఆమె చేతులు చూశాను. రాయి పట్టీ పట్టీ గట్టిపడిన చేతులు, పది వేళ్ళూ ఉన్న చేతులు. వైరు లాగడం ఆమెకు లెక్కే కాదు.

అన్ని వారాలు వరండాలో కూర్చుని ఎవరి కోసం పోట్లాడానా అని ఒక్క క్షణం అనిపించింది. మరుక్షణమే తెలిసింది. నేను పోట్లాడింది రెండు సూదుల కోసం కాదు. ఎవరి చేతికి ఏది కావాలో ఆ చెయ్యి చెప్పాలని. ఇప్పుడు ఒక చెయ్యి చెప్పింది.

"కూర్చో" అన్నాను. పొడుగు సూది తీసి కుట్లు ఎక్కించి, సగానికి పంచి, మధ్యలోంచి వైరు లాగాను. ఉచ్చు మాయమైతే ఏం చెయ్యాలో మొదట నేర్పాను, ఎందుకంటే అక్కడే అందరూ ఏడుస్తారు. పాస్టరమ్మగారు అవతలి చాప మీది నుంచి మెడ సాచి చూస్తోంది.

"ఆంటీ! మ్యాజిక్ లూప్ నేర్పుతున్నారా?" అంది, హాలంతా వినబడేట్టు.

"ఆ. అడిగింది, నేర్పుతున్నా" అన్నాను. "నన్ను మాత్రం దాంతో అల్లమనబాకండి."